నాకు ఇష్టం, నేను ప్రేమిస్తున్నాను

ఇవాళ రెండు వాక్యాల గురించి మాట్లాడుకుందాం. ఒకటి, "నాకు నువ్వంటే ఇష్టం." రెండోది, "నేను నిన్ను ప్రేమిస్తున్నాను." అర్థం దాదాపు ఒకటే అనిపిస్తుంది. కానీ ఇంట్లో మనం మొదటిదాన్ని రోజూ వాడతాం. రెండోది సినిమాలోనో, నవలలోనో, సిగ్గుపడుతూ రాసిన ఉత్తరంలోనో కనిపిస్తుంది. మనవడంటే నాయనమ్మకు ప్రాణం అంటాంగాని, నాయనమ్మ మనవణ్ణి ప్రేమిస్తోంది అని ఏ ఇంట్లోనూ అనరు.

ఇప్పుడు ఆ రెండు వాక్యాల తీరు చూడండి. రెండో వాక్యంలో "నేను" ఉన్నాను, నేను చేసే పని ఒకటి ఉంది, ఆ పనికి గురి అయిన మనిషి ఉన్నాడు. కుండ చేస్తున్నాను, గోడ కడుతున్నాను, నిన్ను ప్రేమిస్తున్నాను. మూడూ ఒకే అచ్చు. మొదటి వాక్యంలో "నేను" లేదు, "నాకు" ఉంది. నేను చేసిన పని ఏమీ లేదు. ఇష్టం అనేది ఒకటి ఉంది, అది నా దగ్గర ఉంది. అంతే.

మనకు ఇది ప్రేమ దగ్గర మాత్రమే ఉన్న అలవాటు కాదు. నాకు ఆకలిగా ఉంది, నాకు జ్వరం వచ్చింది, నాకు నిద్ర పట్టలేదు, నాకు కోపం వచ్చింది, నాకు ఆ సంగతి తెలుసు, నాకు మీ పేరు గుర్తుంది. వీటన్నిటిలోనూ మనిషి పక్కన "కు" చేరుతుంది. ఈ "కు" అనేది అసలు ఏం చేస్తుందో గమనిస్తే కారణం కొంత తేలుతుంది. ఊరికి వెళ్ళాను అంటాం. అక్కడ ఊరు చేరవలసిన చోటు. నాకు ఉత్తరం వచ్చింది అంటాం. అక్కడ ఉత్తరం చేరిన చోటు నేను. నాకు జ్వరం వచ్చింది అన్నప్పుడు జ్వరం కూడా అలాగే వచ్చి నన్ను చేరింది. కోపమూ అంతే, ఇష్టమూ అంతే. ఊరికి బస్సు వచ్చినట్టు మనిషికి మనసులోని సంగతులు వస్తాయని మన వాక్యం చెబుతుంది.

బడిలో చదువుకున్నవారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. కి, కు అనేవి మన పాత వ్యాకరణాల పట్టికలో షష్ఠీ విభక్తి కింద ఉంటాయి, కొఱకు, కై అనేవి చతుర్థి. ఈనాటి భాషాశాస్త్రజ్ఞులు మాత్రం "నాకు" వంటి రూపాన్ని చతుర్థి లెక్కలోనే వేస్తారు. పేరు ఏదైతేనేం, పని అదే. సంస్కృతంలో పాణిని కూడా దీన్ని గమనించి ఒక సూత్రం పెట్టాడు. రుచించడం అనే అర్థం ఉన్న క్రియలు వాడినప్పుడు, ఎవరికి రుచిస్తుందో ఆ మనిషిని దానం పుచ్చుకునేవాడితో సమానంగా చూడాలని, చతుర్థి పెట్టాలని దాని సారాంశం. పిల్లవాడికి లడ్డు రుచిస్తుంది అన్నప్పుడు, పిల్లవాడు లడ్డును ఏమీ చేయడం లేదు. లడ్డే తన రుచిని పిల్లవాడికి ఇస్తోంది.

మరి వాక్యంలో పెత్తనం ఎవరిది? దీనికి "నచ్చు" అనే మాట మంచి ఉదాహరణ. "ఆమెకు ఆ చీర నచ్చింది." "ఆమెకు మీరు నచ్చారు." "ఆమెకు నేను నచ్చాను." మూడు వాక్యాల్లోనూ మెచ్చుకున్నది ఆమె ఒక్కతే. అయినా క్రియ చివర మారుతూ వచ్చింది. చీరను బట్టి "నచ్చింది," మిమ్మల్ని బట్టి "నచ్చారు," నన్ను బట్టి "నచ్చాను." అంటే క్రియ ఇష్టపడిన మనిషి మాట వినడం లేదు, ఇష్టానికి కారణమైన మనిషి మాట వింటోంది.

తొమ్మిదో తరగతి పిల్లలకు "ఆమెకు నేను నచ్చాను" అనే వాక్యం ఇచ్చి ఇంగ్లీషులోకి మార్చమంటే, చాలామంది "ఐ లైక్ హర్" అని రాస్తారు. వాళ్ళకు తెలుగు రాక కాదు, ఇంగ్లీషు రాకా కాదు. "నచ్చాను"లో చివర ఉన్న "ను" చూసి, ఇంగ్లీషు లెక్కన ఆ పని చేసినది "నేనే" అనుకుంటారు. వాక్యం తలకిందులైపోతుంది. ఆమెకు నా మీద ఉన్న ఇష్టం కాస్తా నాకు ఆమె మీద ఉన్న ఇష్టంగా మారిపోతుంది. ఒక్క అక్షరం ఎంత పని చేసిందో చూడండి.

కాలం దగ్గర కూడా ఇటువంటి చిక్కే ఉంది. పెళ్ళిచూపులయ్యాక పెద్దవాళ్ళు అడుగుతారు, "అమ్మాయి నచ్చిందా నాయనా?" అని. అబ్బాయి "నచ్చింది" అంటాడు. రూపం భూతకాలం. అర్థం మాత్రం ఇప్పటిది. నచ్చడం అనే ఘటన జరిగింది, దాని ఫలం ఇంకా నిలిచి ఉంది అని మనకు తెలుసు. దీన్ని ఇంగ్లీషులో "ఐ లైక్‌డ్ హర్" అని మక్కీకి మక్కీ రాస్తే, చదివినవాడు "ఇప్పుడు నచ్చడం లేదేమో" అనుకునే ప్రమాదం ఉంది. సంబంధం చెడగొట్టడానికి ఆ మాత్రం చాలు.

అయితే "కు" చేరిన మనిషి వాక్యంలో ఉత్త ప్రేక్షకుడా? కాదు. "రవికి తన ఊరంటే ఇష్టం" అన్నామనుకోండి. "తన" అంటే ఎవరు? రవే. "రవికి కోపం వచ్చి లేచి వెళ్ళిపోయాడు" అంటాం. లేచి వెళ్ళిపోయింది ఎవరని ఎవరూ అడగరు. కోపం వచ్చిన రవే వెళ్ళిపోయాడని అందరికీ తెలుసు. కాబట్టి రవి వాక్యానికి యజమానే. కానీ పని చేసే యజమాని కాదు, అనుభవించే యజమాని. అందుకే కొందరు పండితులు ఇటువంటివాణ్ణి అనుభోక్త అంటారు.

ఈ సంగతి మనం సరిహద్దు జిల్లాలవాళ్ళం ఇతరుల కంటే సులువుగా పట్టుకోగలం. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష మనకు పుట్టుకతో వచ్చిన సంపద. మా కోలారు వైపు కన్నడంలో "ననగె నీను ఇష్ట" అంటారు. "ననగె" అంటే నాకు. కృష్ణగిరి దాటితే తమిళంలో "ఎనక్కు ఉన్నై పిడిక్కుం" అంటారు. "ఎనక్కు" అంటే నాకు. పిడి అంటే పట్టు. తమిళంలో ఇష్టం మనిషికి పట్టుకుంటుంది. కన్నడంలోనూ "ననగె హిడిసితు" అంటే నాకు నచ్చింది అని. హిడి అన్నా పట్టుకోవడమే. మనం నాటకాల పిచ్చి పట్టింది అంటామే, ఆ మాదిరే. ఇక్కడ ఒక చిన్న తేడా ఉంది. మన "నచ్చు" ఎదుటి మనిషిని బట్టి మారుతుందని చెప్పాను కదా. తమిళంలో "పిడిక్కుం" ఎవరిని బట్టీ మారదు. నేను నచ్చినా, నువ్వు నచ్చినా, చీర నచ్చినా అదే మాట.

మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళు మరాఠీలో వినే "మలా తూ ఆవడతేస్" అనే వాక్యం మాత్రం అచ్చం మన అచ్చే. "మలా" నాకు, "తూ" నువ్వు, క్రియ "నువ్వు"ను బట్టి మారింది. అదీ ఆడపిల్లతో అంటే "ఆవడతేస్," మగవాడితో అంటే "ఆవడతోస్." ఒడిశాలో "మోతే భల లాగే" అంటే నాకు బాగుంటుంది, నాకు నచ్చుతుంది అని. యానాంలో 1954 దాకా పాలనలో ఉన్న ఫ్రెంచిలో కూడా ఇటువంటిది ఉంది. "తు మె ప్లే" అంటే నువ్వు నాకు నచ్చావు అని. కానీ అదే ఫ్రెంచిలో "జె తెమ్" అంటే నేను నిన్ను ప్రేమిస్తున్నాను అని, పని చేసే తీరు. రెండు తీర్లూ పక్కపక్కనే బతుకుతున్నాయి.

వేరు వేరు కుటుంబాలకు చెందిన మన దేశపు భాషలు ఈ ఒక్క విషయంలో ఇంత దగ్గరగా ఉండడం పండితులను ఆకర్షించింది. కోలిన్ మసికా అనే అమెరికన్ పండితుడు 1976లో వచ్చిన తన పుస్తకంలో, దక్షిణాసియా భాషలను కలిపే లక్షణాల్లో ఈ "నాకు" వాక్యాన్ని కూడా ఒకటిగా చర్చించాడు. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారనే దానిపై వాదాలున్నాయి. ఇరుగుపొరుగున వందల ఏళ్ళు కలిసి బతికితే వాక్యాలు కూడా ఇచ్చిపుచ్చుకోబడతాయన్నది మాత్రం మన వీధిలోనే కనిపిస్తుంది.

ఇది భారతదేశానికే పరిమితమనీ అనుకోకండి. కాకసస్ పర్వతాల దగ్గర జార్జియా దేశం ఉంది. అక్కడి భాషలో "నిన్ను ప్రేమిస్తున్నాను" అనడానికి వాడే మాట ఇంచుమించు "మిక్వర్ఖర్" అని పలుకుతుంది. అందులో మొదటి "మ్" నాకు అని చెబుతుంది, నడుమ ప్రేమ ఉంది, చివరి "ఖర్" అంటే నువ్వు ఉన్నావు అని. ఎవరు ప్రేమిస్తున్నారో వాళ్ళు "నాకు" అయ్యారు, క్రియ తోక "నువ్వు" దగ్గర ఉంది. మన "నాకు నచ్చావు"ను ఒక్క మాటలో మూట కట్టినట్టుంది.

ఇంగ్లీషు ఎందుకు ఇలా లేదని అడగవచ్చు. ఒకప్పుడు ఉండేది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఈనాటి "లైక్" అనే క్రియకు నచ్చడం అనే అర్థం. రాజుకు పళ్ళు నచ్చాయి అని రాసే పద్ధతి. రాజు అన్న మాటకు మన "కు" లాంటి ఒక ప్రత్యయం ఉండేది. తర్వాతి శతాబ్దాల్లో ఆ ప్రత్యయాలు అరిగిపోయాయి. ప్రత్యయం పోయాక, వాక్యంలో ముందున్న రాజే పని చేసినవాడని జనం అనుకోసాగారు. "రాజుకు నచ్చాయి" కాస్తా "రాజు ఇష్టపడ్డాడు" అయింది. మనకు కి, కు అరగలేదు కనుక ఆ మార్పు రాలేదు. అయితే "లవ్" అనే మాట ఇంగ్లీషులో మొదటినుంచీ చేసే క్రియే. దాన్ని "లైక్"తో కలపకూడదు.

మనకూ చేసే క్రియలు లేకపోలేదు. "వలచు" అచ్చ తెలుగు మాట. ఆమె అతణ్ణి వలచింది అంటాం. "ప్రేమించు" సంస్కృతపు ప్రేమకు "ఇంచు" చేర్చి చేసుకున్నది. కన్నడంలో "ప్రీతిసు," తమిళంలో "కాదలి" ఇటువంటివే. ఈ రెండు తీర్లకూ నడుమ "ఇష్టపడు" ఉంది. భయపడు, బాధపడు, సిగ్గుపడు వరుసలోది. అక్కడ "నేను" వస్తాను గాని, చేయడం కంటే పడడమే ఎక్కువ.

చేసే క్రియ లేకుండా కొన్ని చోట్ల పని జరగదు. ఆజ్ఞ ఇవ్వాలంటే అది కావాలి. పొరుగువారిని ప్రేమించాలన్న ఆజ్ఞను బైబిలు తెలుగులోకి తెచ్చినవారు "ప్రేమించు" అనే క్రియతోనే చెప్పారు. "నీకు పొరుగువాడంటే ఇష్టం కా!" అని ఎవరూ ఆజ్ఞాపించలేరు. తెలుగు ఒప్పదు. "కావాలని" అనే మాట చేర్చి చూస్తే కూడా ఈ తేడా తెలిసిపోతుంది. "కావాలనే అతణ్ణి ప్రేమించాను" అనవచ్చు. "కావాలనే అతను నాకు నచ్చాడు" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇక్కడే కొందరు తొందరపడతారు. తెలుగువారికి ప్రేమ జ్వరంలా వచ్చిపడుతుంది, వారి వాక్యంలో మనిషికి స్వేచ్ఛ లేదు, అంతా విధి అంటారు. నేను ఒప్పుకోను. నాకు లెక్కలు తెలుసు అన్నప్పుడు కూడా ఇదే వాక్యం. లెక్కలు విధి వల్ల వచ్చాయని ఎవరంటారు? అంతకంటే గట్టి సాక్ష్యం "ఇష్టం" అనే మాటలోనే ఉంది. "నీ ఇష్టం" అంటే ఏమిటి? నిర్ణయం నీది అని. "ఇష్టపూర్వకంగా సంతకం చేశాను" అంటే ఎవరి బలవంతమూ లేకుండా చేశాను అని. "కు" చేర్చి, పని చేయని మనిషిగా చూపించే ఈ వాక్యంలోనే మన సమ్మతి, మన నిరాకరణ రెండూ ఇమిడి ఉన్నాయి.

అనువాదంలో అసలు నష్టం జరిగేది ఈ చోటే. ఒక సందర్భం ఊహించండి. కుప్పం దగ్గరి పల్లెలో ఒక తెలుగు అమ్మాయి. కృష్ణగిరి వైపు సంబంధం. అబ్బాయివాళ్ళు కూడా తెలుగువాళ్ళేగాని మూడు తరాలుగా తమిళంలోనే మాట్లాడతారు. నడుమ మాట మోసేది ఒక పెదనాన్న. అమ్మాయి ఆయనతో, "పెదనాన్నా, నాకు ఇష్టం లేదు" అంటుంది. ఆయన అవతలివాళ్ళతో తమిళంలో "అవళుక్కు పిడిక్కలై" అంటాడు. ఆమెకు నచ్చలేదట అని అర్థం. తప్పు అనువాదం అనలేం. కానీ అవతలి పెద్దావిడ ఏమంటుంది? "చూడగానే ఎవరు నచ్చుతారమ్మా, పోను పోను అదే నచ్చుతుంది" అంటుంది. నచ్చడం రుచిలాంటిది, అలవాటైతే వస్తుంది. అమ్మాయి చెప్పింది రుచి గురించి కాకపోవచ్చు. నేను ఈ పెళ్ళికి ఒప్పుకోవడం లేదు అని చెప్పి ఉండవచ్చు. తెలుగు వాక్యంలో రెండు అర్థాలున్నాయి, తమిళంలోకి ఒకటే దాటింది. రెండోది పెదనాన్న నోట్లోనే ఆగిపోయింది. తమిళంలో సమ్మతానికి "సమ్మదం" అనే మాట లేకపోలేదు. "సమ్మదం ఇల్లై" అని ఉంటే పెద్దావిడ జవాబు వేరే ఉండేది.

అదే మాట కాగితం మీదికి ఎక్కితే ఇంకా గట్టి చిక్కు. వాంగ్మూలం తెలుగులో చెబుతారు, ఇంగ్లీషులోకి మారుతుంది. "నాకు ఇష్టం లేదు" అన్నది "ఐ డిడ్ నాట్ లైక్ ఇట్" అని దిగితే, చదివే అధికారికి అదొక అభిరుచి మాట. "ఐ డిడ్ నాట్ కన్సెంట్" అని దిగితే అది చట్టం పట్టించుకునే మాట. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, బలవంతంతోనో మోసంతోనో సమ్మతి తీసుకున్న పెళ్ళిని రద్దు చేయమని కోర్టును అడిగే అవకాశం ఉంది. ఆ చట్టం చూసేది నచ్చిందా లేదా అని కాదు, సమ్మతి ఉందా లేదా అని. ఎదురు దిక్కున కూడా ఇదే తంటా. "నాకు అతనంటే ఇష్టం" అని ఒక పిల్ల అంటే, దాన్ని "ఐ లవ్ హిమ్" అని రాసేస్తే, ఆమె అనని మాట ఆమె నోట పెట్టినట్టవుతుంది. మేనమామ అంటే ఇష్టం, పక్కింటి అన్నయ్య అంటే ఇష్టం, పాఠం చెప్పే మాస్టారంటే ఇష్టం. ఇష్టం వెడల్పైన మాట. ఇంగ్లీషు "లవ్" ఆడపిల్ల, మగపిల్లవాడి మధ్య వాడితే ఒకే దారికి లాగుతుంది.

అందువల్ల మీలో ఎవరైనా రెండిళ్ళ మధ్య గాని, ఇంటికీ కచేరీకీ మధ్య గాని మాట మోసే పనిలో ఉంటే, "ఇష్టం లేదు" అన్న మాట వినగానే మరో భాషలోకి మార్చకండి. ముందు తెలుగులోనే ఇంకొక ప్రశ్న అడగండి. "అబ్బాయి నచ్చలేదా అమ్మా, లేక పెళ్ళికే ఒప్పుకోవడం లేదా?" జవాబు "నచ్చలేదు" అని వస్తే తమిళంలో "పిడిక్కలై," కన్నడంలో "హిడిసలిల్ల" సరిపోతాయి. జవాబు "నేను ఒప్పుకోను" అని వస్తే, చూడండి, అక్కడ "నాకు" పోయి "నేను" వచ్చేసింది. ఆమె తానే ఒక పని చేస్తోంది, కాదంటోంది. ఆ "నేను"ను అవతలి భాషలో కూడా "నేను"గానే దాటించండి.